కోసేసిన చరణం

కిటికీ అద్దం మీద వాన చుక్క జారుతోంది.

జారి... మధ్యలో ఆగింది.

వెనక ఇంకో చుక్క వచ్చి, దాన్ని తనలో కలుపుకుని కిందికి పోయింది.

ఒక ఫోటో కరిగి ఇంకో ఫోటో కావడం కూడా అచ్చం ఇలాగే — మొదటిది ఇంకా పోదు, రెండోది ఇంకా రాదు. ఆ ఒక్క క్షణం రెండు వయసులు ఒకే ముఖంలో కాపురముంటాయి.

కటింగ్ మాస్టరు కంప్యూటర్ ముందు కూర్చుని మూడు రోజులైంది. వీధిలో సగం చొక్కాలు అతని కత్తెర కింద పుట్టినవే. ఒకసారి మబ్బు అడ్డొచ్చి బట్టలారడం లేదని, మేడెక్కి ఆ మబ్బునే నిలువునా రెండు ముక్కలు చేశాడని చెప్పుకుంటారు. నమ్మనివాళ్లు నమ్మరు. ఎండ మాత్రం వచ్చింది.

అంతటివాడికి ఒక పాట దొరకలేదు.

పిన్నికి డెబ్బై నిండుతున్నాయి. కన్నతల్లి పోయాక, అతనికి ఎనిమిదేళ్లప్పుడు, నాన్న చెయ్యి పట్టుకుని ఇంట్లోకి వచ్చిన పిన్ని. "ఫోటోలన్నీ గోడ మీద వేద్దాం అన్నయ్యా, వెనకాల మంచి అమ్మ పాట పెట్టు" అని చెల్లెలు, పిన్ని కన్న కూతురు, పని అతని నెత్తిన పెట్టింది.

అమ్మ పాటలకేం, కోకొల్లలు.

సగం పాటల్లో అమ్మ చచ్చిపోయి ఉంటుంది. మిగతా సగంలో కొడుకు జైల్లో ఉంటాడు. పుట్టినరోజు పూట కేకు ముందు ఏది పెట్టేటట్టు? నాన్న భుజాలెక్కి లోకం చూసిన పాట బాగుంది గానీ, అందులో అమ్మ లేదు. ఒకటి మరీ హుషారు — ఆ దరువుకి పిన్ని ఫోటోలు కాదు, ఎన్నికల ఊరేగింపు నడవాలి.

చివరికి ఒక్కటి దొరికింది. ఆడగొంతు. తడిసిన మట్టిలాంటి గొంతు.

నాలుగు నిమిషాల నలభై సెకన్లు.

పల్లవిలో కృతజ్ఞత. మొదటి చరణంలో అన్నం, చదువు, జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద చెయ్యి. అన్నీ పిన్నివే. కానీ రెండో చరణం... నవమాసాలు మోశావు, నన్ను కన్నావు, నీ పేగు తెంచుకుని పుట్టాను — అంటుంది.

పిన్ని మోయలేదు. కనలేదు.

పదిమందిలో ఆ మాట ఆవిడ ముఖాన పడితే?

అందుకని కోశాడు. చెయ్యి తిరిగిన పని కదా. రెండో చరణానికి ముందు వేణువు ఊపిరి తీసుకునే చోట ఒక కోత, తర్వాత పల్లవి అందుకునే చోట ఒక కోత. తబలా దెబ్బ మీద దెబ్బ పడేలా అతికి, రెండు అంచులూ కొంచెం సన్నగిల్లేలా చేశాడు. కుట్టు కనపడలేదు. నలభై సెకన్లు రాలిపోయాయి. మిగిలింది సరిగ్గా నాలుగు నిమిషాలు. ఫోటోకి అయిదు సెకన్లు — నలభై ఎనిమిది ఫోటోలు. పల్లవి వచ్చిన ప్రతిసారీ పిన్ని ముఖం దగ్గరగా ఉన్నది. చరణంలో ఏళ్లు నడిచేవి.

పెట్టెలో ఉన్నవి యాభై ఆరు.

ఎనిమిది పక్కకు తోశాడు.

వాటి సంగతి అతనికొక్కడికే తెలుసు. తొమ్మిదో ఏట, ఇలాంటి వాన మధ్యాహ్నం, కుట్టుపెట్టెలోంచి పిన్ని కత్తెరే తీసి, ఆల్బం ముందేసుకుని, పిన్ని ముఖాలు గుండ్రంగా కత్తిరించాడు. అతను మొదటిసారి కత్తెర పట్టింది ఆ రోజే. గీత తప్పలేదు. ఆ ముఖాల్ని గుమ్మం ముందు పారే వాన నీళ్లలో ఒక్కొక్కటే వదిలాడు.

ఎనిమిది ముఖాలు. కాలవలోకి. నవ్వుతూనే పోయాయి.

సాయంత్రం నాన్న ఆల్బం తెరిచి నిర్ఘాంతపోతే, పిన్ని చూసింది. ఆల్బాన్ని చూసింది... పిల్లాణ్ణి చూసింది.

"చెదలండీ" అంది.

ఎంత బుద్ధిగల చెదలో! నాన్నను ముట్టలేదు, పిల్లాణ్ణి ముట్టలేదు, కుర్చీని ముట్టలేదు. ముఖం మాత్రం తిని మూతి తుడుచుకుని పోయాయి. నాన్న నమ్మాడో, నమ్మినట్టు నటించాడో... పోయేదాకా చెప్పలేదు.

అతనూ చెప్పలేదు. నలభై ఏళ్లు.

పుట్టినరోజు సాయంత్రం. ముందుగది నిండా చుట్టాలు, ఇరుగుపొరుగు. కిటికీ తెరలు వేశారు. బయట వాన. గోడ మీద వెలుగు పడింది.

పాట మొదలైంది. పిన్ని పెదవులు కదిలాయి... ఆవిడకి ఆ పాట వచ్చు!

అతను కోత చోటు దాకా సెకన్లు లెక్కపెట్టుకున్నాడు.

మొదటి చరణం. వేణువు. పిన్ని ఊపిరి పీల్చి, రెండో చరణం అందుకోబోయింది — అక్కడ చరణం లేదు. మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేసినట్టు, ఆవిడ గొంతు గాల్లో తూలింది.

చప్పట్లు కొట్టారు. కళ్లు తుడుచుకున్నారు. పిన్ని మాత్రం వెనక్కి తిరిగింది.

"ఒరేయ్, రెండో చరణమేదిరా?"

"అది... నిడివి ఎక్కువైందని పిన్నీ..."

"నిడివా?" కళ్లజోడు పైకి నెట్టుకుంది. "నేను మోయలేదనా?"

చుట్టాలంతా అతని వైపు తిరిగారు.

"నీ కాలు విరిగినప్పుడు బడికి ఎత్తుకెళ్లింది ఎవర్రా? మూడు నెలలు! అదీ తొమ్మిదేళ్ల గాడిదని, పిండికట్టుతో సహా. తూకం వేయించు, ఎవరి మోత ఎక్కువో. నా నడుం ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది."

అందరూ గొల్లుమన్నారు. పిన్నీ నవ్వింది.

"నాకు ఆ చరణమే ఇష్టం. దాన్ని పెట్టి మళ్లీ వెయ్యి."

అతను కంప్యూటర్ దగ్గరికి వెళ్లాడు.

చిన్నప్పుడు కోపంతో కోశాడు. ఇప్పుడు ప్రేమతో కోశాడు. రెండుసార్లూ తెగింది ఆవిడే.

చరణాన్ని తిరిగి దాని చోట పెట్టాడు. పాట మళ్లీ నాలుగు నిమిషాల నలభై. ఫోటోలు నాలుగు నిమిషాలే. చరణం కింద నలభై సెకన్ల ఖాళీ — నల్లగా.

ఎనిమిది ఫోటోల ఖాళీ.

"ఉన్నవే మళ్లీ తిప్పెయ్ అన్నయ్యా, ఎవరు చూస్తారు!" అంది చెల్లెలు.

తిప్పెయ్యొచ్చు. ఎవరూ చూడరు. వేలు అటే వెళ్లింది కూడా.

ఆగింది.

ఒకటి... రెండు... మూడు... ఎనిమిదింటినీ లాగి ఆ నలుపులో పరిచాడు.

పాట మళ్లీ మొదలైంది. పల్లవి. అన్నం, చదువు, నుదుటి మీద చెయ్యి. వేణువు ఊపిరి తీసుకుంది. పిన్ని గొంతు కలిపింది — ఈసారి కాలికి మెట్టు తగిలింది.

గోడ మీద నాన్న. పక్కన పొట్టి నిక్కరు పిల్లాడు. వాళ్లిద్దరి మధ్యా ఒక చీర... చీర మీద గుండ్రటి తెల్లటి చిల్లు. గది మొత్తంలో అదే అన్నిటికంటే ఎక్కువ వెలుగుతోంది.

పిన్ని పాట ఆపలేదు. గొంతు మాత్రం సన్నబడింది.

"అయ్యో, ఇవి చెదలు తిన్నవి కదా అన్నయ్యా! ఇవెందుకు పెట్టావ్?"

రెండో ఫోటో. రెండో చిల్లు.

అతను నోరు తెరిచాడు. పాట ఎవరి కోసమూ ఆగదు. అయిదు సెకన్లకొక ముఖంలేని పిన్ని వచ్చి పోతోంది.

"చెదలు కావు" అన్నాడు.

ఎంత మెల్లగా అన్నాడో, చెల్లెలు "ఆఁ?" అంది.

పిన్ని విందో లేదో. గోడ వైపే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి... పాటకో, మరి దేనికో.

మూడో చిల్లు. నాలుగు.

"పిన్నీ... చెదలు కావు."

కిటికీ తెర అంచున కనిపించే కాస్త అద్దం మీద ఒక వాన చుక్క జారి, మధ్యలో ఆగింది.

వెనక చుక్క ఇంకా రాలేదు...