సున్నా వేసిన గడులు

మా ఆయన ఆంథోని మలేరియా విభాగంలో పనిచేసేవారు. సత్తుపల్లి దాటి అడవి మొదలయ్యే వైపు ఇరవై ఆరు ఊళ్ళు ఆయన కింద ఉండేవి. జ్వరం వచ్చినవాళ్ళ వేలు గుచ్చి, రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి ల్యాబుకు పంపాలి. మలేరియా తేలినవాళ్ళ చేత మాత్రలు మింగించాలి. ఇవి కాక మీటింగులు, పిచికారీ మందు వివరాలు, రిపోర్టులు. వారానికి పద్దెనిమిది రకాల పనులు. సాయంత్రం సైకిలు గోడకు ఆనించే ఓపిక కూడా ఆయనకు మిగిలేది కాదు.

1991 జూన్‌లో ఖమ్మంలో ట్రైనింగు నుంచి కొత్త మాట పట్టుకొచ్చారు.

"ఎనభై-ఇరవై అంట, సంపూర్ణా. మనం చేసే పనుల్ల ఐదో వంతుతోనే నూటికి ఎనభై ఫలితం వస్తదంట. ఆ కొన్ని ముందు పట్టుకోవాలంట."

"ఆ కొన్ని ఏవో చెప్పారా?"

"ఎవరియి వాళ్ళే తీసుకోవాలె. నువ్వు బీయస్సీ చదివితివి గదా, తియ్యి మరి."

వేళాకోళానికే అన్నారు. నేను నిజంగానే రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. ఫలితమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. మలేరియా తేలి, మాత్రలు పూర్తిగా మింగినవాళ్ళు. అంతే. గత ఎనిమిది వారాల్లో మలేరియా తేలినవాళ్ళు నూట పన్నెండు మంది. అందులో తొంభై మంది ఐదు ఊళ్ళవాళ్ళే. పద్దెనిమిది పనుల్లో మూడే పనికొచ్చేవిగా కనిపించాయి: ఆ ఐదు ఊళ్ళకు రోజుకొకటి చొప్పున వెళ్ళి రక్తం తీయడం, పలకలను ఆ రోజే ల్యాబుకు పంపడం, మాత్రలు దగ్గరుండి మింగించడం. మిగతా పనులూ, మిగతా ఊళ్ళూ వీలైనప్పుడే.

మూడు వారాల్లో, మాత్రలు పూర్తి చేసినవాళ్ళు వారానికి ఐదుగురి నుంచి పదకొండు మందికి పెరిగారు. "పై సారుకు నీ పేరు చెప్తా, ఉద్యోగం ఇస్తడేమో," అని ఆయన నవ్వారు. నాకు గర్వంగానే ఉండింది.

జూలై చివరి బుధవారం మంగ్లి వచ్చింది. వాగు అవతలి తండా నుంచి చీపుళ్ళు తెచ్చి అమ్మే మనిషి. ఆ రోజు చేతిలో చీపుళ్ళు లేవు. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"సారు లేడా అమ్మా? నా కోడలికి సలిజరం. ఏడో నెల కడుపు. ఇంటికొకరు పడుకున్నరు."

"మీ తండాలో జ్వరాల్లేవు కదా, మంగ్లీ?"

"ఎవరు జెప్పిన్రు?"

నేను లోపలికి వెళ్ళి రిజిస్టరు తీశాను. తండా ఎదురుగా నేను లెక్కవేసిన ఎనిమిది వారాలూ ఎనిమిది సున్నాలు. చక్కగా, గుండ్రంగా.

ఆయన ఆ రోజు అడవిలో పది మైళ్ళ లోపలున్న ఊరికి వెళ్ళారు. కబురు పంపే దారి లేదు. కోడల్ని దవాఖానాకు తీసుకుపొమ్మన్నాను.

"ఎట్ల తోలుకపోవాలె అమ్మా? లేవలేకపోతాంది. నేనొచ్చేటప్పుడే వాగు పెరుగుతాంది," అని ఆమె వచ్చిన దారినే వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడి చూడటం తప్ప నేను చేసిందేమీ లేదు.

సాయంత్రం ఆయన రాగానే రిజిస్టరు ముందు పెట్టాను.

"ఈ తండాకు ఎప్పుడు వెళ్ళారు?"

"వేసవికి ముందు పోయిన, మళ్ళ పోలే."

"మరి ఈ సున్నాలు?"

"ఖాళీ గడి ఉంటే కాగితం వాపస్ పంపుతరు. అందుకే పోని ఊరికి సున్నా ఏస్తం. అందరం గట్లనే ఏస్తం."

"నాకు చెప్పలేదే."

"నువ్వు అడగలేదు గదా," అన్నారు మెల్లగా. ఆయన మాటలో నింద లేదు.

గురువారం, శుక్రవారం వాగు దాటనివ్వలేదు. రెండు రోజులూ ఒడ్డుకు వెళ్ళి తిరిగి వచ్చారు. శనివారం దాటి ముప్పై ఒక్క మందికి రక్తం తీశారు. వాళ్ళలో పంతొమ్మిది మందికి మలేరియా తేలింది. మంగ్లి కోడలు బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

పై వారం మంగ్లి చీపుళ్ళతో వచ్చింది. నేనేదో చెప్పబోయాను.

"సారు తప్పేముందమ్మా, వాగు నిండె," అని, ఎప్పటిలాగే రెండు చీపుళ్ళు ఏరి నా చేతికిచ్చింది.

ఆ ఆదివారం, ముందు వెళ్ళాల్సిన ఊళ్ళ పట్టిక మళ్ళీ వేశాను. తండా పైకి వచ్చింది. వారంలో రోజులు మాత్రం పెరగలేదు కాబట్టి ఐదింటిలో ఒక ఊరు కిందికి పోవాలి. పైగా ఇంకా పది ఊళ్ళకు సున్నాలే ఉన్నాయి.

"వీటిలో వెళ్ళి చూసిన సున్నాలు ఏవి? వెళ్ళనివి ఏవి?"

ఆయన చాలాసేపు రిజిస్టరు చూశారు. మూడింటి మీద వేలు పెట్టారు.

"వీటికి పోలే. కడమయి..." వేలు తీసేశారు. "యాదికి లేదు, సంపూర్ణా."

తెల్లవారితే సోమవారం. సైకిలుకు గాలి కొట్టి ఉంది. ఏ ఊరి పేరు పైన రాయాలో తెలియక నేను పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.