చెప్పింది చెప్పినట్టు

1986 ఫిబ్రవరి రెండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం చల్లన్నంలో మజ్జిగ పోసుకుని, వేయించిన ఊరమిరపకాయతో తిన్నాను. రెండు గంటలకు పంకజాక్షి వస్తుందని తొందరగా తిన్నాను. ఆదివారాల్లో నా ఇంటికి వచ్చేది ఆ పిల్లే.

చిత్తూరులో బెల్లం మండీ నడిపే దామోదరం కూతురు. పదో తరగతి ఒకసారి తప్పింది. నోటితో అడిగితే ఏ పాఠమైనా చెబుతుంది. కాగితం మీద మాత్రం అక్షరాలు తారుమారవుతాయి. ఒకే మాటను మూడు వరుసల్లో మూడు రకాలుగా రాస్తుంది. వేలూరు డాక్టరమ్మ పరీక్షలు చేసి, తెలివిలో లోపం లేదు, చదవడం రాయడంలోనే ఇబ్బంది అని ఉత్తరం ఇచ్చింది. దాన్ని జతచేసి హెడ్మాస్టరు రెండుసార్లు అర్జీ పెడితే అనుమతి వచ్చింది. వేరే గది, పేపరుకు అర్ధగంట అదనం, ప్రశ్న చదివి జవాబు రాసిపెట్టడానికి ఒక మనిషి. ఆ మనిషి కింది తరగతి చదువుతూ ఉండాలి, సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు.

నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. పాత పేపర్లు చేయించే పని నాకు అప్పగించారు. డిసెంబరు నుంచి ఆమె చెబుతుంటే నేనే రాశాను. అదనపు అర్ధగంటను చివరికి మిగల్చకుండా విడగొట్టాను. మొదట ప్రశ్నలన్నీ రెండుసార్లు చదివి వినిపించడం, ప్రతి జవాబు తర్వాత తిరిగి చదవడం. సాంఘికశాస్త్రంలో యాభైకి ముప్పై ఒకటి దాకా వచ్చాయి. దామోదరం మండీ నుంచి బెల్లం అచ్చు పంపాడు.

ఆ ఆదివారం మొదటిసారి మునెమ్మ వచ్చింది. తొమ్మిదో తరగతి, గుండ్రటి దస్తూరి. పరీక్షలో రాయబోయేది ఆ పిల్లే. 1983 పేపరు ఇచ్చి కూర్చోబెట్టాను. అయిపోయాక దిద్దాను.

పదిహేడు. పాసుకు పద్దెనిమిది కావాలి.

"ఏం రాసినావే నువ్వు!" పంకజాక్షి కాగితాలు లాక్కుంది.

"నువ్వు సెప్పిందే రాసినానక్కా. 'వాళ్ళు వచ్చి, అదీ, దానివల్ల' అన్నావు. అట్లనే ఉండాది సూడు."

పంకజాక్షి నా వైపు తిరిగింది. "మీకాడ ఇట్లనే సెప్పినా గదా సార్. మీరేం రాసినారు?"

పాత కాగితాలు తీశాను. 'వాళ్ళు' అన్నచోట ఆంగ్లేయులు. 'అదీ' అన్నచోట ఉప్పు పన్ను. ఆమె సగంలో వదిలిన ప్రతి వాక్యాన్నీ నేను పూర్తిచేశాను. తెలిసి చేయలేదు. ఆ ముఖం చూస్తే ఏం చెప్పబోతోందో నాకు తెలిసిపోయేది, చెయ్యి రాసేసేది.

"అయితే ముప్పై ఒకటి మీకొచ్చినాయి సార్," అంది. మునెమ్మ కిసుక్కున నవ్వింది. పంకజాక్షి నవ్వలేదు. "మళ్ళీ తప్పితే మా నాయన స్కూలు మానిపిస్తాడు."

వాళ్ళు వెళ్ళాక ఆ కాగితాలు సర్దుతుంటే నా భార్య పెరుందేవి ఉత్తరం గుర్తొచ్చింది. మంచం పట్టిన చివరి నెలల్లో వాళ్ళ అక్కకు నాచేత చెప్పి రాయించింది. "నాకు భయంగా ఉంది" అంటే "కాస్త నీరసంగా ఉంది" అని రాశాను. చదివి వినిపించాక, "ఇది మీ ఉత్తరం. నేను చెప్పింది రాయండి," అని గోడవైపు తిరిగింది. నేను దాన్ని మళ్ళీ రాయలేదు, పంపనూ లేదు. ఆ కవరు ఇంకా బీరువాలోనే ఉంది.

మరుసటి ఆదివారం నుంచి పిల్లలిద్దరినీ లోపల కూర్చోబెట్టి నేను వసారాలో ఉన్నాను. 'వాళ్ళు' అనకుండా పేరు చెప్పమని పంకజాక్షికి చెప్పాను. వాక్యం మనసులో పూర్తిచేసుకున్నాకే నోరు తెరవమన్నాను. చుక్క దగ్గర "చుక్క", పేరా మారితే "కొత్త పేరా" అనాలి. మునెమ్మ తిరిగి చదివాక దిద్దించుకోవాలి. పటంలో గుర్తులు పెట్టడం మాత్రం పంకజాక్షి తన చేత్తోనే చేసేది. అందులో ఎప్పుడూ తప్పు లేదు.

వసారాలో కూర్చోవడం కష్టమైంది. లోపల ఆమె తడబడి ఆగేది. మాట నా నాలుక చివర ఉండేది. గడియారం ముల్లు చూస్తూ మింగేవాణ్ణి. మునెమ్మ కూడా ఏమీ అనకుండా కలం పట్టుకుని ఎదురుచూసేది. తొందరపెట్టేది కాదు. అంతటి ఓపిక ఆ వయసుకు ఎక్కడిదో. పంతొమ్మిది వచ్చాయి. తర్వాత ఇరవై మూడు.

పరీక్షల ముందురోజు సాయంత్రం చివరి పేపరు. ఇరవై నాలుగు.

"రేపు గేటు దాకా వస్తానమ్మా," అన్నాను.

"వద్దు సార్." చెప్పులు వేసుకుంటూ పంకజాక్షి ఆగింది. చెప్పబోయేది మనసులో కూర్చుకుంటోందని తెలిసింది. ఈసారి నేను అందుకోలేదు. "మీ మొగం సూస్తే నేను సగం సెప్పి ఆపేస్తాను సార్." ఆగి, నవ్వింది. "చుక్క."

మునెమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. ఇద్దరూ వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

వచ్చే ఆదివారం రెండు గంటలకు ఎవరూ రారు. లోపలికి వచ్చి వాళ్ళు వదిలిన పెన్సిలు తీసి, బీరువా తెరిచి ఆ కవరు పక్కన పెట్టాను. ఒక కాగితం తీసుకుని, పెరుందేవి చెప్పిన ఆ మూడు మాటలూ చెప్పినట్టే రాశాను. చుక్క పెట్టాను.

తర్వాత చప్పుడు కాకుండా వీధి తలుపు మూసి గడియ పెట్టాను.