ఒకరికి వీలైతే, ఒకరికి తప్పకుండా

బాంగ్ సున్యేకి తన నిష్పక్షపాతం మీద కాస్త ఎక్కువ నమ్మకం. పెద్ద అపార్ట్‌మెంట్లలో అంతస్తుల మధ్య చప్పుళ్ల తగాదాలకు కమిటీ వేసి తీరాలని చట్టం వచ్చినప్పుడు, మిగతా వాళ్లందరూ నేల చూపులు చూస్తుంటే చెయ్యెత్తింది ఆమె ఒక్కతే. ఒక పూటంతా శిక్షణకు వెళ్లింది. అక్కడిచ్చిన ధ్రువపత్రాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించింది. నీళ్ల సీసా కోసం వెళ్లినప్పుడల్లా దానివైపు ఒక చూపు పడేది. యాభై తొమ్మిదేళ్ల వయసులో తన పేరు అచ్చులో చూసుకోవడం ఎవరికి చేదు?

కమిటీకి వచ్చిన మొదటి తగాదా 603 ఫ్లాటుకీ 703కీ మధ్య. కింద 603లో ఉండేది గూ జొంగ్‌నిమ్. బడిపంతులమ్మగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, సున్యే కంటే అయిదేళ్లు పెద్ద. పైన 703లో తాక్ మిరాన్. వెనక గేటు దగ్గర ఆమెకు క్షౌరశాల ఉంది, ఆడవాళ్లకు జుట్టు కత్తిరించి ఉంగరాలు తిప్పే దుకాణం. రాత్రి ఎనిమిదికి ఇంటికొచ్చిన మిరాన్ మడమలు ఊని దబదబా నడుస్తుందని జొంగ్‌నిమ్ ఫిర్యాదు. ఆ నడకకి ఆ ఊళ్లో మడమ సుత్తి అని పేరే పెట్టేశారు. నాలుగడుగులు వేసేసరికి కింద నుంచి చీపురు కర్రతో పైకప్పుని బాదుతోందని మిరాన్ ఫిర్యాదు. రెండు కాగితాలూ మేనేజ్‌మెంట్ ఆఫీసులో ఒకే ఫైల్లో ఉన్నాయి. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టడానికి సమయం కుదర్చడమే సున్యే పని. ఇది చెడితే తర్వాత ఆమె మాట ఎవరూ పట్టించుకోరు, అది ఆమెకీ తెలుసు.

ఆ వారమే శీతాకాలానికి సరిపడా కిమ్చీ, అంటే క్యాబేజీ పచ్చడి, పెట్టుకునే రోజులు. గురువారం పొద్దున సున్యే జొంగ్‌నిమ్ వంటింట్లో నేలమీద కూర్చుని, ఎర్ర రబ్బరు తొడుగులేసుకుని, క్యాబేజీ ఆకుల మధ్య కారం కూరుతోంది. పన్నెండేళ్లుగా ఇద్దరూ కలిసే పెట్టుకుంటారు.

"సున్యే, ఆ పైదానితో ఎప్పుడు కూర్చోబెడతావే?" అంది జొంగ్‌నిమ్.

"నీకెప్పుడు వీలక్కా?"

"ఆదివారం చర్చి. మంగళ, గురువారాలు సాయంత్రం ఈత క్లాసు. శనివారం పదకొండైతే హాయి. ఆ తర్వాత భోజనానికి పోవచ్చు."

"సరే అయితే, శనివారం పదకొండు."

అంతే. తటస్థమైన సమయం నిర్ణయమైపోయింది, కారం చేతులతో, ఒక పక్షం వంటింట్లో.

మిరాన్‌కి ఫోన్ చేయాలని సున్యేకి తోచకపోలేదు. శిక్షణలో మొదట చెప్పింది అదే: ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడండి, ఇద్దరి వీలూ అడగండి, ఒకే సందేశం ఒకేసారి పంపండి. కానీ సొంత దుకాణమున్న మనిషికి ఎప్పుడైతే ఏమిటి, అనుకుంది. చెప్పొద్దూ, మిరాన్‌తో మాట్లాడటానికి మొహమాటంగా కూడా ఉంది. ఆమె గొంతు పెద్దది, నవ్వు తక్కువ. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, సోఫాలో కాళ్లు ముడుచుకుని రెండు సందేశాలు టైపు చేసింది. రెంటిలోనూ రోజు, గంట, చోటు ఒకటే. అందుకని రెండూ ఒకటేనని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది.

శనివారం పదకొండుకి అయిదు నిమిషాల ముందే మేనేజ్‌మెంట్ ఆఫీసు పై అంతస్తులో సమావేశం గదిలో బార్లీ టీ వేడి చేసి పెట్టింది సున్యే. జొంగ్‌నిమ్ ముందుగా వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. సరిగ్గా పదకొండుకి మిరాన్ వచ్చింది. దుకాణంలో వేసుకునే నల్ల ఏప్రన్ ఇంకా ఒంటిమీదే ఉంది. జుట్టు మందు వాసన గదంతా పరుచుకుంది.

"రండి, రండి. తీరిక చేసుకుని వచ్చినందుకు..." అంటూ సున్యే మొదలుపెట్టింది.

"తీరికా? శనివారం పదకొండింటికి క్షౌరశాలలో తీరికేంటండీ?" మిరాన్ కూర్చోకుండానే అంది. "మధ్యాహ్నం పెళ్లి ఉందని తల్లీ కూతురూ నెల ముందు చెప్పి పెట్టుకున్నారు. వాళ్లని పక్క వీధికి పంపించి, తలుపుకి కాగితం అంటించి వచ్చాను. తప్పకుండా రావాలన్నారుగా."

"తప్పకుండానా?" జొంగ్‌నిమ్ తలెత్తింది. "నాకు అలా రాయలేదే. వీలవుతుందా అని అడిగింది."

రెండేళ్లుగా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లిఫ్ట్ ఎక్కే ఆ ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు నేరుగా చూసుకున్నారు. తర్వాత మిరాన్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. జొంగ్‌నిమ్ కళ్లద్దాలు పెట్టుకుని తన ఫోన్ తెచ్చి దాని పక్కన పెట్టింది.

సున్యే ఆ రెండింటినీ తలకిందులుగా చదవాల్సి వచ్చింది. అయినా ఒక్క అక్షరం తప్పిపోలేదు.

మిరాన్ ఫోన్లో: "703 వారికి. మీ ఇంటి నుంచి వస్తున్న చప్పుళ్ల విషయమై శనివారం పదకొండింటికి సమావేశం. తప్పకుండా హాజరు కావలెను."

జొంగ్‌నిమ్ ఫోన్లో: "అక్కా, నువ్వు పడుతున్న ఇబ్బంది గురించి శనివారం పదకొండింటికి కూర్చుందాం. నీకు వీలవుతుందా? కాకపోతే మార్చేద్దాం."

"బాగుంది," అంది మిరాన్. అరవలేదు. అరిచి ఉంటే సున్యేకి కాస్త ఊపిరాడేది. "నేను మాట్లాడక ముందే చప్పుడు నాదని తేలిపోయిందన్నమాట. నా ఫిర్యాదు కూడా ఇక్కడే ఉందండీ, అదే ఫైల్లో. చీపురు కర్ర సంగతి చదివారా అసలు?"

"చదివానండీ. అది... నేను ఏదో తొందరలో..."

"తొందరలో ఆవిడకి వీలడిగారు, నాకు హుకుం వేశారు. ఏ తొందరండీ అది?"

సున్యే జొంగ్‌నిమ్ వైపు చూసింది. ఒక మాట సాయం వస్తుందనే ఆశ. పన్నెండేళ్ల కిమ్చీ సాక్షిగా రావాల్సిన మాట. జొంగ్‌నిమ్ చెవులదాకా ఎర్రబడి ఉంది.

"నేనడిగానా నిన్ను ఇలా రాయమని?" అందామె మెల్లగా. "ముప్పై నాలుగేళ్లు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని. నా వాళ్లకొక మార్కు ఎక్కువ వేశానని అనిపించుకోలేదు ఎప్పుడూ. ఇప్పుడీ అమ్మాయి నా గురించి ఏమనుకోవాలి? వెనక నుంచి నేనే నీతో రాయించాననుకోదూ?"

"అనుకున్నాను," అంది మిరాన్ దాపరికం లేకుండా. "ఇప్పుడు అనుకోవడం లేదు లెండి."

"టీ తాగి వెళ్లమ్మా," అంది జొంగ్‌నిమ్.

"వద్దండీ, దుకాణం తెరవాలి."

ఆ రెండు మాటలే ఆ పూట ఇద్దరి మధ్యా నడిచిన మర్యాద. అందులో సున్యే ప్రమేయం ఏమీ లేదు. ఇద్దరూ వెళ్లిపోయాక ముట్టుకోని టీని ఆమె సింక్‌లో పారబోసి కప్పులు కడిగింది. సిగ్గుతో చచ్చిపోయింది. తప్పు చేశానన్న బాధ కంటే, ఆ తప్పు చేస్తున్నంతసేపూ తాను ఎంతో న్యాయంగా ఉన్నాననుకోవడమే ఎక్కువ తినేసింది. మిరాన్ గొంతు పెద్దదని ఆమెని తప్పుపట్టేసింది. జొంగ్‌నిమ్ తనని చెల్లెల్లా చూస్తుందని ఆమె చీపురు కర్రని చూడనట్టు నటించింది. ఎవరూ లంచమివ్వలేదు, ఎవరూ బెదిరించలేదు. తనంతట తానే ఒరిగిపోయింది.

సోమవారం ఆఫీసులో మేనేజరు యొమ్ ఎదుట కూర్చుని మళ్లీ రాసింది. ఒకటే కాగితం, రెండు ప్రతులు. నాలుగుసార్లు కొట్టేసి రాసింది. "మీ ఇంటి" అన్న మాట తీసేసింది. "ఇబ్బంది" అన్న మాట తీసేసింది. చివరికి ఇలా తేలింది:

"603 వారికి, 703 వారికి. ఇదే కాగితం ఇద్దరికీ ఒకేసారి అందుతోంది. శనివారం సమయం ఒకరిని అడిగి, ఇంకొకరిని అడగకుండా పెట్టాను. రాసిన మాటలూ ఒక్కటిగా లేవు. తప్పు నాది, ఇద్దరికీ క్షమాపణ. ఆరు, ఏడు అంతస్తుల మధ్య సాయంత్రం చప్పుళ్ల గురించి, ఇద్దరి ఫిర్యాదులూ కలిపి, ఒక గంట మాట్లాడుకుందామని ప్రతిపాదన. చోటు ఆఫీసు సమావేశం గది. కింద ఆరు సమయాలున్నాయి. వీలైనవన్నీ టిక్కు పెట్టండి. ఏదీ కుదరకపోతే మీకు కుదిరేది రాయండి, అది మీకు వ్యతిరేకంగా లెక్కలోకి రాదు. గురువారం లోపల ఆఫీసు పెట్టెలో వేయండి."

శిక్షణ పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది. అది రాయడానికి ఆమె చెయ్యి ఆడలేదు. యొమ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. చివరికి రాసింది: "సమావేశాన్ని నడిపేందుకు మరొకరు ఉండాలనుకుంటే ఈ గడిలో టిక్కు పెట్టండి. కారణం చెప్పనక్కర్లేదు."

రాసింది కానీ, ఎవరూ టిక్కు పెట్టరనే అనుకుంది. క్షమాపణ అంత శుభ్రంగా చెప్పాక ఇంకా పెడతారా? మిరాన్ పెట్టినా పెట్టొచ్చు. జొంగ్‌నిమ్ మాత్రం పెట్టదు.

శుక్రవారం పొద్దున యొమ్ పెట్టె తెరిచి రెండు కాగితాలూ ఆమె ముందు పరిచాడు. మిరాన్ ఒక్క సమయానికే టిక్కు పెట్టింది: మంగళవారం నాలుగు గంటలు. దుకాణానికి ఆ రోజు సెలవు. జొంగ్‌నిమ్ రెండు సమయాలకు పెట్టింది. అందులో మంగళవారం నాలుగు కూడా ఉంది. ఈత క్లాసు మానుకుంటుందన్నమాట.

"కుదిరింది!" అంది సున్యే. ఆ సంతోషంలోనే కళ్లు కిందికి జారాయి.

చివరి గడిలో మిరాన్ టిక్కు. నీలం ఇంకు, ఒత్తి పెట్టింది.

రెండో కాగితంలో కూడా టిక్కు ఉంది. ఎర్ర ఇంకు, బడిపంతులమ్మ చేతి వాటం, చిన్నగా, తీర్చినట్టు. తొందరలో పడింది కాదది. పక్కన కారణం రాయలేదు. రాయనక్కర్లేదని సున్యేనే చెప్పింది.

"నేను కూర్చుంటాను లెండి," అన్నాడు యొమ్, కాగితాల వైపే చూస్తూ. "మీరే ఖాయం చేసి ఒక ముక్క రాసెయ్యండి. ఇప్పటిదాకా రాసింది మీరేగా."

ఆమె ఫోన్ తీసి ఇద్దరి పేర్లూ ఒకే సందేశానికి చేర్చింది. "మంగళవారం నాలుగు గంటలు ఇద్దరికీ కుదిరింది, ధన్యవాదాలు. ఇద్దరి కోరిక మేరకు మేనేజరు యొమ్ గారు సమావేశాన్ని నడుపుతారు. నేను ఉండను." వేళ్లు చివరి మాట దగ్గర ఆగాయి. "రాలేకపోతున్నాను" అని మారిస్తే కాస్త పరువు దక్కేది. మార్చలేదు. అది నిజం కాదు కదా.

పంపే ముందు యొమ్‌కి చూపించింది. అతను రెండుసార్లు చదివాడు.

"చాలా బాగా రాశారండీ," అన్నాడు మనస్ఫూర్తిగా. "ఒక్క మాట కూడా ఎటూ ఒరగలేదు."

సున్యే తలూపింది. మొహం మండిపోతుంటే మీట నొక్కి, కోటు వేసుకుని, బొత్తాలు పెట్టుకోకుండానే బయటికి నడిచింది.