లూర్దమ్మ సెల్ఫీలో గోడ

లూర్దమ్మ తొలి సెల్ఫీలో లూర్దమ్మ సగమే ఉంది. ఒక చెవి, ఒక కన్ను, ఓ మూల నవ్వు. తక్కిన ఫోటో అంతా గోడే.

కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు మోనికా వారం సెలవుకి కేజీఎఫ్‌లోని ఇంటికి వచ్చీరాగానే లూర్దమ్మ తన కొత్త ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. ఆ ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో వేసి, కింద నాలుగు మంచి మాటలు రాయమంది. గ్యాలరీలో చూస్తే అన్నీ అలాంటి ఫోటోలే. చేయి సరిగ్గా చాచడం రాలేదు పాపం అనుకుంది మోనికా. చదువుకున్న పిల్లలకు అన్నీ తెలుసు కదా! ఫోటోను కత్తిరించి ముఖం మటుకు ఉంచింది. కింద గడిలో ‘మా అమ్మ మొదటి సెల్ఫీ, నవ్వకండి’ అని కొట్టి పంపేసింది.

బైబిలు చదివే అలవాటున్న లూర్దమ్మ ఆ మాటలను కూడబలుక్కుని చదివింది. ముఖం చిన్నబోయింది. “చెన్నరాయప్ప చూసినాడా?” అని అడిగింది.

చెన్నరాయప్ప ఆ వీధి మేస్త్రీ. అమ్మ సెల్ఫీతో ఆయనకేం పని? మోనికాకు అంతుపట్టలేదు. స్టేటస్ కింద కన్ను గుర్తు నొక్కి, చూసినవాళ్ల పేర్లు చూపించింది. ఆయన పేరు లేదు. ఆయన ఫోన్‌లో నీ నంబరు ఉంటేనే ఆయనకు కనబడుతుందని చెబితే, దగ్గర నిలబడి మరీ వేయించానంది లూర్దమ్మ.

“చూడకపోతే మంచిదే. గోడ యాడ పోయింది, మోనీ?”

అప్పుడు బయటపడింది సంగతి. మోనికా పోయిన సెలవుకి ముందే, ఓ వానకి వంటింటి గోడ కూలింది. మేస్త్రీ ఇదిగో అదిగో అంటూ తిప్పాడు. నేనే కట్టుకుంటానంటే, గోడ నిలువు సరిచూసే తూకం గుండు పట్టడం ఆడవాళ్లకేం తెలుసు, వాళ్లు కట్టిన గోడ ఇంకో వానకి నిలవదన్నాడు. లూర్దమ్మ కట్టింది. మళ్లీ వాన వచ్చింది, గోడ నిలిచింది. పోయిన సెలవుకి వచ్చినప్పుడు మోనికా దానికే ఆనుకుని భోంచేసింది, గమనించనే లేదు. ఆ పిల్లకు నిజంగా సిగ్గేసింది.

వేసిన స్టేటస్ కింద మాట దిద్దడానికి లేదు. తీసేసి, మళ్లీ వేయాల్సిందే. మోనికా తీసేసింది. ఈసారి ఫోటోను కత్తిరించకుండా పెట్టి, ఏం రాయాలో నువ్వే చెప్పమ్మా అంది. లూర్దమ్మ ఫోటోలోని గోడను వేలితో చూపించింది.

“గోడ నేను కట్టినాను. పక్కన ఉండేది నేను. అంతే రాయి.”

అంతే రాసింది మోనికా. ఇద్దరూ ఆ కన్ను గుర్తునే చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి చెన్నరాయప్ప పేరు వచ్చింది. వెనకే ఆయన మెసేజీ వచ్చింది.

‘అమ్మా, తూకం గుండు ఎవరు పట్టినారు?’

మోనికా జవాబు కొట్టబోతే లూర్దమ్మ ఫోన్ లాక్కుంది. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, తన చేత్తోనే కొట్టి పంపింది.

‘నేనే.’