జనవరి ఒకటి పిల్లలు

జగిత్యాలలో మా అబ్బా, అంటే నాన్న, నడిపే మొబైల్ దుకాణంలో ఫోన్ కొన్న పిల్లలందరూ ఒకే రోజున పుట్టారు. 1990 జనవరి ఒకటి. పుట్టించింది నేనే.

నవ్వొస్తోందా? నాకూ ఇన్నేళ్లూ నవ్వే వచ్చింది. కరోనా వచ్చిన ఏడాది బళ్లు మూసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టినప్పుడు సారంగాపూర్ నుంచి, బీర్పూర్ నుంచి, బుగ్గారం నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటేసుకుని గడియారం టవర్ దగ్గరున్న మా దుకాణానికి వచ్చేవారు. ఫోన్‌లో అకౌంట్ తెరవాలంటే పుట్టిన తేదీ అడుగుతుంది. పిల్లల అసలు తేదీ కొడితే ముందుకు పోనివ్వదు, తల్లి మెయిలో తండ్రి మెయిలో కావాలంటుంది. నాట్లు వేసి బురదకాళ్లతో వచ్చిన అమ్మకు మెయిల్ ఎక్కడిది? బయట చూస్తే పది మంది లైన్లో ఉన్నారు. అందుకే అందరికీ 01-01-1990 కొట్టేసేదాన్ని. వీడియోల యాప్ కూడా వేసియ్యమని పిల్లలు మారాం చేస్తే అదీ అదే తేదీతో వేసిచ్చేదాన్ని. మా బాజీ, అంటే అక్క, కూతురు సిద్రాకూ అంతే. అప్పుడు దానికి నిండా ఎనిమిదేళ్లు లేవు.

ఇప్పుడు నేను ఫోన్లు అమ్మను. దుకాణం పైగదిలో కూర్చుని కోరుట్ల, సిరిసిల్ల, జగిత్యాల వ్యాపారులకు ఆన్‌లైన్ ప్రకటనలు చేసిపెడతాను. కహకషాన్ మేడమ్ అంటే చీరల షాపుల వాళ్లందరికీ తెలుసు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం ఎక్కువే పొగరు.

మొన్న దసరా అయిన వారానికి కోరుట్ల నుంచి క్రాంతి వచ్చాడు. 'తళుకు' అని ముఖం తెల్లబడడానికి రాసుకునే క్రీం కొత్తగా పెట్టాడు. మాట మెత్తన, మనిషి తొందర.

"అక్కా, గీ క్రీం కొనేది బడిపిల్లలే. పదమూడు నుంచి పదిహేడేండ్లు పెట్టు" అన్నాడు, కూర్చోకముందే.

"పెడతా. కానీ పద్దెనిమిది లోపు పెడితే వయసు, ఊరు తప్ప యాప్‌వాడు ఇంకేం ఎంచుకోనియ్యడు. ఆడపిల్లలకే చూపియ్యమంటే వినడు. మేకప్ వీడియోలు చూసేటోళ్లకే చూపియ్యమంటే వినడు. నీ క్రీం మొగపోరగాళ్ల ఫోన్లకు సుత పోతది."

"గట్లెందుకు?"

"పిల్లలు ఏం చూస్తున్నరో కనిపెట్టి వాళ్ల ఎంబడి పడొద్దని గీ రూలు పెట్టిండ్రు."

"మరెట్ల అక్కా?"

అక్కడ ఆగి ఉండాల్సింది. "ఇంతే తమ్మీ, ఇష్టముంటే చెయ్, లేకుంటే పో" అని ఉంటే అయిపోయేది. కానీ నా తెలివి నన్ను ఊరుకోనివ్వదు కదా.

"ముప్పై అయిదు నుంచి ముప్పై ఆరు పెడదాం" అన్నాను.

క్రాంతి బిత్తరపోయి చూశాడు. జనవరి ఒకటి సంగతి చెప్పాను. ఈ చుట్టుపక్కల సగం మంది బడిపిల్లలు కాగితం మీద ముప్పై అయిదేళ్ల ఆడవాళ్లని, పెద్దవాళ్లకు వేసిన ప్రకటన కాబట్టి యాప్ ఏదీ కాదనదని, ఆడవాళ్లు, మేకప్, జడల క్లిప్పులు, బడి డాన్సులు అన్నీ ఎంచుకోవచ్చని చెప్పాను. వాడు తొడ మీద చరిచి, "నువ్వు మామూలుదానివి కాదక్కా!" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగా పొంగిపోయాను.

నియమాలు తెలియక చేశానా అంటే, తెలిసే చేశాను. పిల్లలకు చూపే ప్రకటన వాళ్ల ఒంటి మీద వాళ్లకే చిన్నచూపు తెప్పించకూడదని, ఇది కొనకపోతే నలుగురిలో తీసికట్టవుతావని చెప్పకూడదని ప్రభుత్వం రాసిపెట్టి మూడేళ్లు దాటింది. నేను అవన్నీ చదివాను. చదివింది ఎక్కడ దొరకకుండా తప్పించుకోవాలో చూసుకోవడానికి. వీడియోలో 'నలుపు' అన్న మాట లేదు, 'తెలుపు' అన్న మాటా లేదు. నటించిన అమ్మాయికి పంతొమ్మిదేళ్లు, ఆధార్ చూసే తీసుకున్నాం. దానికి రెండు జడలు వేయించి రిబ్బన్లు కట్టించింది మాత్రం నేనే.

ఇక మాట కావాలి. వినగానే గుండెలో గుచ్చుకునే మాట. దానికి నేను ఎక్కువ వెతుక్కోలేదు.

అంతకు నెల ముందు సిద్రా మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో తరగతి. అమ్మీ వంటింట్లో రొట్టెలు చేస్తుంటే నా పక్కన కూర్చుని బడిలో తీసిన గ్రూపు ఫోటో చూపించింది. "ఖాలా, క్లాస్ ఫోటోలో నేనెక్కడున్నానో కనుక్కో!" అంది నవ్వుతూ. పిన్నిని మేం ఖాలా అంటాం. రెండు సార్లు వెతికాను, కనబడలేదు. చివరి వరుసలో ఒక పొడుగు పిల్ల భుజం వెనక చిన్న చెయ్యి ఉంది. అదే సిద్రా. ఫోటో తీసేవాడు "నువ్వు వెనకకు పో, లైటు సరిగ్గ వడ్తలేదు" అన్నాడట. వెళ్లి వెనక నిలబడిందట. ఇదంతా నవ్వుతూనే చెప్పింది. చెప్పి, రొట్టె తుంచుకుని, తినకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

అది చూసి నేను ఏడవాలి కదా? లేదు. ఎంత బాగా అన్నది అనుకున్నాను.

ప్రకటనలో రెండు జడల అమ్మాయి ఫోటో పట్టుకుని కెమెరాలోకి చూస్తూ అంటుంది: "క్లాస్ ఫోటోలో నేనెక్కడున్ననో కనుక్కో!" తర్వాత క్రీం డబ్బా. తర్వాత అదే అమ్మాయి ముందు వరుస మధ్యలో.

నడిచింది బాబూ, ఎట్లా నడిచిందో! వారం తిరగకుండానే క్రాంతి ఇంకో పెట్టె సరుకు తెప్పించాడు. ఏ వేళలో ఎంతమంది చూస్తున్నారో నా కంప్యూటర్లో గీత కనబడుతుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా అది నేల మీదే పడుకునేది. నాలుగున్నరకు లేచేది. ఆదివారం మాత్రం పొద్దుటి నుంచే పైన. జగిత్యాల జిల్లాలో ముప్పై అయిదేళ్ల ఆడవాళ్లంతా బడి వదిలాకే ఫోన్ పట్టుకుంటున్నారన్న మాట. ఆ గీత చూసి కూడా నవ్వాను.

డిసెంబర్లో ఒక సాయంత్రం అమ్మీ పైగదికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కని మనిషి.

"సిద్రా బడిలో వార్షికోత్సవానికి మైకు పట్టుకోనని చెప్పేసిందట" అంది ఆయాసపడుతూ. "నీ మాటైతే వింటుంది, పోయి అడుగు."

నాకు ఆశ్చర్యం వేసింది. కార్యక్రమం మొత్తం నడిపించడానికి బడి అంతటిలో సిద్రానే ఎంచుకున్నారు. దాని తెలుగు అంత బాగుంటుంది. నెల రోజుల నుంచి ఇంట్లో గరిటె పట్టుకుని "సభకు నమస్కారం" అంటూ తిరుగుతోంది. అది మానేయడమేమిటి?

రెండు సందులవతల బాజీ ఇల్లు. సిద్రా మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. ఏమైందమ్మా అని ఉర్దూలో అడిగాను. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే. సిద్రాకు కోపం ఎక్కువైతే మాత్రం తెలుగులోకి మారుతుంది. చిన్నప్పటి నుంచి అంతే.

"గా యాడ్ ఎవ్వలు రాసిండ్రు?" అంది, తెలుగులో.

"ఏ యాడ్?" అన్నాను.

"నిన్న ప్రాక్టీసుల మైకు పట్టుకున్న. ఎనుక బెంచీ పిల్లలు 'సిద్రా ఎక్కడున్నదో కనుక్కో' అని ఒర్రుడు మొదలువెట్టిండ్రు. అందరూ నవ్విండ్రు. టీచర్ సుత నవ్వింది. మా క్లాసుల అందరి ఫోన్లకు అచ్చింది గా యాడ్. మా క్లాసు ఫోటో సుత అందరిండ్లల్ల ఉన్నది." లేచి కూర్చుంది. "గది నేనన్న మాటని వాళ్లకు తెల్వది. నేను నీకొక్కదానికే చెప్పిన."

ఒప్పుకోవాల్సిన చోట కూడా నా నోరు వ్యాపారమే చేసింది. "అది పిల్లలది కాదురా, పెద్దవాళ్లకు వేసింది. నియమం ప్రకారమే వేశాం" అన్నాను.

సిద్రా ఫోన్ తీసింది. ప్రకటన మీద మూలన మూడు చుక్కలు ఉంటాయి. అవి నొక్కితే ఈ ప్రకటన నీకెందుకు వచ్చిందో యాప్ చెబుతుంది. మనుషులెవరూ నొక్కరని నేను వ్యాపారులకు నవ్వుతూ చెప్పే సంగతి అది. సిద్రా నొక్కింది.

"ఆడవాళ్లు. వయసు ముప్పై అయిదు నుంచి ముప్పై ఆరు. ఉండేది జగిత్యాల" అని చదివింది. సభలో చదివినట్టు, ఒక్కో మాటా విడివిడిగా. "నాకు ముప్పై అయిదేండ్లా ఖాలా? గా తేదీ ఏసింది నువ్వే కదా?"

బాజీ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. తప్పు చేశానన్నాను. నీ మాట దొంగిలించానన్నాను.

అక్కడే నిలబడి ఫోన్‌లో ప్రకటన ఆపేశాను. నిమిషంలో క్రాంతి ఫోన్ చేశాడు.

"అక్కా, ఎందుకు బంద్ వెట్టినవ్? మంచిగ నడుస్తుంటే!"

"పిల్లలకు పోతుంది క్రాంతీ."

"పిల్లలకు పోవాల్నని కదా అక్కా పెట్టింది! నువ్వే చెప్తివి."

నిజమే. నేనే చెబితిని. వాడి మీద అరవడానికి కూడా నాకు హక్కు లేకుండా పోయింది. ఇక నీ పని నేను చెయ్యనని చెప్పాను. "నువ్వు కాకుంటే ఇంకోళ్లు. ఉపాయమైతే నాకు తెలిసిపాయె" అని పెట్టేశాడు. ప్రకటన ఆగింది గానీ, వీడియో అప్పటికే పిల్లలు దాచుకుని ఒకరికొకరు పంపుకుంటున్నారు. దాన్ని ఏ బటన్‌తో ఆపాలో నాకు తెలియదు.

సిద్రా పక్కన కూర్చుని దాని ఫోన్ అడిగాను. ఇచ్చింది. అకౌంట్‌లో అసలు తేదీ పెడితే అది పిల్లల అకౌంట్ అవుతుంది, ఇలాంటి ప్రకటనలు ఎంచి ఎంచి నీ మీదికి పంపడం కుదరదు అని చెప్పాను. పుట్టిన తేదీ గడి తెరిచాను. 01-01-1990. నా చేతిరాతను చూసినట్టనిపించింది. చెరిపేశాను.

గడి ఖాళీగా ఉంది. నా వేలు ఆగిపోయింది.

బక్రీద్‌కు పది రోజుల ముందు పుట్టింది సిద్రా. ఆస్పత్రిలో దాన్ని మొదట ఎత్తుకుంది నేనే. మా ఇంట్లో పండుగలతోనే లెక్క, ఇంగ్లీషు తేదీ ఎప్పుడూ పట్టించుకోలేదు. బడి రిజిస్టర్లో కూడా ఏదో జూన్ నెల వేసి ఉంటారు. తల వంచుకుని మెల్లగా అడిగాను, "నీ తేదీ ఎంతమ్మా?" అని.

సిద్రా నన్ను చూసింది. కోపం తగ్గితే ఉర్దూలోకి వస్తుందని ఎదురుచూశాను.

"నేనన్న మాట నువ్వు ఒక్క అక్షరం సుత మర్చిపోలేదు ఖాలా. నేను పుట్టిన దినం మర్చిపోయినవా?" అంది తెలుగులోనే. "రాసుకో. పదిహేడు, అక్టోబర్, రెండు వేల పన్నెండు."

రాసుకున్నాను. వార్షికోత్సవానికి నేనూ వెళ్లాను. మైకు ఇంకో పిల్ల పట్టుకుంది. సిద్రా చివరి వరుసలో కూర్చుందట, ఎక్కడో నాకు కనబడలేదు.