మూడు తప్పులకు మూడు కారణాలు

నాకు ముక్కు మీదే కోపం, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు శివకుమార్ గారి మీద వచ్చిన కోపం మాత్రం న్యాయమైనదే.

అరకు దగ్గర గిరిజన బాలికల బడిలో పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు విశాఖలో ఇచ్చే ఉచిత కోచింగ్‌లో మా బడికి ఒక్కటే సీటు. దానికోసం హారంలో x ఉండే సమీకరణాల మీద సులువు, మధ్యరకం, కష్టం అని మూడు మెట్లుగా ప్రాక్టీసు పేపరు తయారు చేశాను. ఒక్కో తప్పు ఆప్షన్ ఏ పొరపాటు చేసినవాళ్లను పట్టేస్తుందో కూడా కీలో రాశాను.

పిల్లలకు రెండే నూరిపోశాను. లెక్క ముట్టుకోకముందే హారాన్ని సున్నా చేసే అంకె రాసిపెట్టుకోండి, జవాబుగా అది పనికిరాదు. మిగతా మూడు ఆప్షన్లూ ఎందుకు తప్పో తెలియకుండా టిక్కు పెట్టకండి. కొత్త పంటను ముందు దేవతకు పెట్టే కొత్తల పండగ కాకుండా మామిడికాయ నోట పెట్టని పిల్లలు కదా, 'ఇది పనికిరాదు' అనే మొదటి నియమాన్ని ఇట్టే పట్టేశారు. భాను అయితే రెండోదీ పట్టేసింది. తప్పు ఆప్షన్లన్నిటి పక్కనా కారణాలు రాసి మరీ ఇచ్చింది.

అదే కొంప ముంచింది. ఆ కోచింగ్ తరఫున ఎంపికకు వచ్చిన లెక్చరర్ శివకుమార్ గారు ఆమె పేపరూ నా కీ పక్కపక్కన పెట్టారు.

"x/(x−3) = 3/(x−3) + 2. సాధన లేదని టిక్కు పెట్టింది, సరే. 3 పక్కన 'హారం సున్నా అవుతుంది' అని రాసింది. 5 పక్కన '2ని x−3తో గుణించలేదు' అంది. 0 పక్కన '2(x−3)ని 2x−3 అనేశారు' అంది. మీ కీలోనూ ఇవే ఉన్నాయి. చూసి రాసిందమ్మా. ఇంకో అమ్మాయి పేరు చెప్పండి."

భాను ముఖం పాలిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇందాక మీ చేతికిచ్చేదాకా కీ నా బీరువాలోనే ఉంది, తాళం నా కొంగున ఉంది. మీ లెక్క మీరే ఇవ్వండి సార్, నేను బయటికి పోతాను," అన్నాను. పోలేదనుకోండి, గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆయన బోర్డు మీద x²/(x−2) = 4/(x−2) అని రాశారు. "జవాబొక్కటే చాలదు. నాలుగు ఆప్షన్లూ నువ్వే తయారు చెయ్యి."

భాను ముందు ఓ మూల '2 పనికిరాదు' అని రాసుకుంది. తర్వాత వరసగా 2, −2, రెండూ, సాధన లేదు అని రాసి, −2కి టిక్కు పెట్టింది.

"వర్గమూలం తీసి మైనస్ మర్సిపోయి, హారం కూడా సూడనోళ్లు 2 పెడతారు సార్. మైనస్ గుర్తున్నా హారం సూడనోళ్లు రెండూ పెడతారు."

"మరి సాధన లేదు అనేది?"

"అది మా కలాసు గుంటల కోసం సార్," అంది భాను. "2 పనికిరాదని బేగి కొట్టేసి, ఇంకేటీ లేదని లేసిపోతారు. మైనస్ రెండు ఉండిపోనాది కదా!"

అమ్మ నా తల్లీ! నేను నేర్పిన జాగ్రత్తలోనే గొయ్యి ఉందని నాకే తట్టలేదు.

శివకుమార్ గారు ఆ నాలుగు ఆప్షన్లూ తన కాగితంలోకి ఎక్కించుకున్నారు. "అనుమానించాను, తప్పేనమ్మా. ఈ లెక్కను మా బ్యాచ్ పరీక్షలో పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోండి సార్," అంది భాను. "నాకు మాత్రం వేరే లెక్క ఇయ్యండి. దీనికి కీ నాకు తెలుసు కదా, మళ్లీ సూసి రాసిందంటారు."