ముత్తయ్య గొంతు వినేదాకా

శుక్రవారం ఉదయం 11:10కి సబ్ ఇంజనీర్ కృప ఫీడర్ చార్జ్ చేయనంది, అంటే ఆ లైన్‌లోకి కరెంటు వదలనంది. చేయమన్నది ఆమె పైఅధికారి, ఏఈ ప్రేమ్ కుమార్. ఆయన అప్పుడు ఆమె కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. లైన్‌మన్ ముత్తయ్య ఎక్కడున్నాడో ఆ గదిలో ఇద్దరికీ తెలియదు.

ఆ సబ్‌స్టేషన్ హుజూర్‌నగర్, గరిడేపల్లి మధ్య పొలాల్లో ఉంది. పొద్దున్నే ఒక స్తంభం మీద ఇన్సులేటర్ పగిలి కరెంటు పోయింది. నాట్ల కాలం. మోటార్లు ఆగాయి. ముత్తయ్య, అతని తోడు హీరాలాల్ బాగు చేయడానికి వెళ్లారు. వెళ్లేముందు ముత్తయ్య లైన్ క్లియర్ తీసుకున్నాడు. అంటే కృప బ్రేకర్ తెరిచి ఆ లైన్‌కు కరెంటు ఆపి, తాళం వేసి, మనుషులు పనిలో ఉన్నారన్న బోర్డు తగిలించింది. ఆ క్లియర్‌ను తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి, అదీ తన నోటితోనే. మధ్యలో ఇంకెవరు చెప్పినా చెల్లదు. అక్కడ అందరికీ తెలిసిన నియమమే అది. ప్రేమ్ కుమార్‌కూ తెలుసు.

ఆయన మొదటి ఫోన్ పనివాళ్లు గేటు దాటకముందే వచ్చింది.

"ఏమైంది కృపా? ఎంతవరకొచ్చింది? సూర్యాపేట నుంచి నన్ను తింటున్నరు."

"ఇప్పుడే బయల్దేరారు సార్."

"బయల్దేరుడేంది ఇంకా? ఆడికి పోయిన్రా? ఎక్కిన్రా?"

ఒక ప్రశ్నకు జవాబు వినకముందే ఇంకో ప్రశ్న. మధ్యలో ఆయన ఊపిరి వినబడుతుంది. ప్రేమ్ కుమార్ తిట్టే మనిషి కాదు. రోజూ మిర్యాలగూడ నుంచి వచ్చిపోతాడు, జేబులో గ్యాస్ మాత్రలు పెట్టుకుంటాడు. సూర్యాపేట ఆఫీసు నుంచి తనకు వచ్చిన ఒత్తిడిని వచ్చినట్టే కిందికి పంపుతాడు. పంపిన ఆ కాసేపే ఆయనకు నిమ్మళం.

ఆ ఒత్తిడి ఎక్కడ దిగుతుందో కృపకు కొన్నాళ్లుగా తెలుస్తోంది. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే భుజాలు పైకి లేచి ఉంటాయి, పళ్లు బిగుసుకుని ఉంటాయి. అన్నం నిలబడే తినేస్తుంది. ఎవరూ ఫోన్ చేయకపోయినా ఫోన్ తీసి చూస్తుంది. నెల కిందట కోదాడలో ఇంట్లో వాళ్లమ్మ సాలమ్మ అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది.

"ఏందే, కంచం ముందర కూర్చుని 'ఎంతసేపు, ఎంతసేపు' అంటున్నావ్? మీ సారు గానీ నీ నోట్లో కాపురం పెట్టాడా?"

కృప నవ్వింది. తర్వాత నవ్వు రాలేదు. ఆ 'ఎంతసేపు' తనది కాదు. ప్రేమ్ కుమార్‌ది. ఆయన ఆగే చోటే తనూ ఆగుతోంది, ఆయన ఊపిరి పీల్చే చోటే తనూ పీలుస్తోంది.

మరుసటి రోజు నుంచి ఆమె పద్ధతి మార్చింది. ఫోన్ మోగగానే చెయ్యి చాపదు. రెండు పాదాలు నేలకు ఆనిస్తుంది. ఒక్కసారి మెల్లగా ఊపిరి వదిలి, అప్పుడు ఎత్తుతుంది. ఆయన ఎంత గబగబా మాట్లాడితే ఆమె అంత నిదానంగా మాట్లాడుతుంది. చివర్లో ఒక్కటే అడుగుతుంది: "నేనిప్పుడు చేయాల్సిన పని ఏదో ఒక్కటి చెప్పండి సార్." చాలాసార్లు ఆయన దగ్గర చెప్పడానికి పని ఉండదు, భయమే ఉంటుంది.

శుక్రవారం ఆ పద్ధతి నిలవలేదు. ఫోన్లు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. చివరిది పెట్టేసి కృప వెంటనే ముత్తయ్యకు చేసింది.

"ముత్తన్నా, ఏమైంది? ఎంతసేపు? పైనుంచి నన్ను తింటున్నరు!"

ముత్తయ్య కింద బండి దగ్గర ఉన్నాడు. "ఒకటి మార్చిన కృపమ్మా. రెండోది గూడ నెర్రె ఇచ్చింది. ఇగ దాన్ని ఇడిసిపెడ్త, రేపు సూద్దాం. ఉరుకొస్త, జర ఆగు." మాట మాటకూ రొప్పుతున్నాడు.

ఇరవై ఏళ్లు స్తంభాలెక్కిన మనిషి. పగులు చూసి వదిలిపెట్టి వస్తానన్నది ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ రొప్పు సూర్యాపేటలో మొదలై, ప్రేమ్ కుమార్ మీదుగా, తన నోట్లోంచి అతని దాకా పోయింది. కృప ఫోన్ బల్ల మీద పెట్టింది. పాదాలు నేలకు ఆనించింది. ఊపిరి వదిలింది. మళ్లీ చేసింది.

"ముత్తన్నా, ఇందాక మాట్లాడింది నేను కాదనుకో. నీకు తొందర లేదు. రెండోది కూడా మార్చు. ఎంతసేపైనా కానీ, నేనీడనే ఉంట."

"గట్లను బిడ్డా. ఎక్కుతున్న మరి. ఫోన్ బండికాడ సంచిల ఉంటది."

తర్వాత ఆమె ప్రేమ్ కుమార్‌కు చేసింది. "సార్, పని అయ్యేదాకా మీరు చేయకండి. మీరు లైన్‌లో ఉంటే ముత్తన్న ఫోన్ కలవదు. అయ్యాక నేనే చేస్తా."

ఆయన ఫోన్ చేయలేదు. హుజూర్‌నగర్‌లోని తన ఆఫీసు నుంచి బండి మీద వచ్చేశాడు. చొక్కా వీపుకు అంటుకుంది.

"చార్జ్ చెయ్. హీరాలాల్‌తోని మాట్లాడిన. పని అయిపోయిందన్నడు, కిందికి దిగిండట."

"లైన్ క్లియర్ తీసుకుంది హీరాలాల్ కాదు సార్."

"ఇద్దరూ ఒక్క పనికే పోయిన్రు కదా!"

"ముత్తన్న గొంతు వినేదాకా చేయను."

ఆయన చెయ్యి తాళంచెవి వైపు వచ్చింది. కృప దాన్ని పిడికిట్లోకి తీసుకుంది. గుండె ఆయన వేగంతోనే కొట్టుకుంటోంది. అది ఆమెకు తెలుస్తోంది. గొంతు మాత్రం ఎత్తలేదు.

"మెమో ఇస్తరు, తెలుసా?"

"ఇయ్యమనండి. పేరు తప్పు లేకుండా రాయమనండి."

"నా పరేషాన్ నీకేం తెలుసు కృపా!"

"తెలుసు సార్. నెలల తరబడి మోసిన, ఇంటికి కూడా తీసుకపోయిన. ఇగ మొయ్యను. అది మీది. మీ దగ్గరే ఉంచుకోండి. నీళ్లు తాగుతారా?"

ఆయన జేబులో ఫోన్ మోగింది. సూర్యాపేట.

"బయట మాట్లాడండి సార్. ఈ గదిలో ముత్తన్న ఫోన్ ఒక్కటే మోగాలి."

ప్రేమ్ కుమార్ బయటికి వెళ్లాడు. ఫోన్ ఎత్తలేదు. మెట్ల మీద నుంచి హీరాలాల్‌కు చేశాడు. కిటికీలోంచి మాటలు లోపలికి వచ్చాయి.

"ముత్తయ్య ఏడి?... నీ పని అయిందా అని కాదురా, ముత్తయ్య ఏడి అంటున్న... రోడ్డు మీద నిలబడితే ఏం కనబడతది, పొలంలకు పోయి సూడు."

ఫోన్ చెవికి ఆనించుకుని ఆయన మెట్ల ముందు అటూ ఇటూ నడిచాడు.

"ఎక్కడ?... పైననా?"

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. చేతిలో ఫోన్ మళ్లీ మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. ఆయన దాన్ని చూస్తూ కూర్చున్నాడు. కృప గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి లోపలికి వెళ్లింది.

11:50కి బల్ల మీద ఫోన్ మోగింది. కృప పాదాలు నేలకు ఆనించి ఎత్తింది.

"కృపమ్మా, ముత్తయ్యను మాట్లాడుతున్న. రెండూ మార్చిన. నేను, హీరాలాల్ ఇద్దరం కింద ఉన్నం. రక్షణకు లైన్‌కు తగిలించిన ఎర్త్ రాడ్లు తీసినం. లైన్ క్లియర్ వాపస్ ఇస్తున్న."

ఆమె ఆ మాటలన్నీ అతనికి తిరిగి చదివి వినిపించింది. అతను అవునన్నాడు. బోర్డు తీసింది, తాళం తీసింది. ఫీడర్ చార్జ్ అయింది, కరెంటు మళ్లీ పోకుండా నిలిచింది.

సోమవారం సూర్యాపేట నుంచి మెమో వచ్చింది. సరఫరా పునరుద్ధరణలో ఆలస్యానికి కారణం అడిగారు. కృప ఒక్క వాక్యం రాసింది: "మనిషి స్తంభం మీద ఉన్నాడు." దాని కింద ఏఈ ప్రేమ్ కుమార్ సంతకం పెట్టి, సాయంత్రంలోగా సూర్యాపేటకు పంపాడు.